పాయింటర్‌ను జెయింట్ సెల్ మీద నుంచి తీసేద్దాం

ఎంబీబీఎస్ రెండో సంవత్సరం పాథాలజీ ప్రాక్టికల్స్‌లో స్పాటర్లు రాసినవాళ్లకి ఆ టెన్షన్ గుర్తుండే ఉంటుంది. వరుసగా మైక్రోస్కోపులు, ఒక్కోదాని కింద ఒక స్లైడు. స్లైడును కదపకూడదు, లెన్సు మార్చకూడదు. ఐపీస్‌లో ఉన్న పాయింటర్ దేన్ని చూపిస్తుంటే దాన్ని చూసి, ఏ జబ్బో రాసి, గంట కొట్టగానే పక్క బల్లకి జరగాలి. ఆ వరుసలో మెడ గ్రంథి టీబీ స్లైడు దాదాపు తప్పకుండా ఉంటుంది. దాని పాయింటర్ కూడా దాదాపు ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది: లాంగ్‌హాన్స్ జెయింట్ సెల్ మీద.

అలా పెట్టడం వెనుక కారణం తెలియనిది కాదు. స్లైడు మొత్తంలో కంటికి ఇట్టే ఆనే కణం అదే. మామూలు కణాలకు ఎన్నో రెట్ల సైజు, దాని అంచు పొడుగునా గుర్రపు నాడా ఆకారంలో పేర్చినట్టు పదీ ఇరవై న్యూక్లియస్‌లు. ఒకసారి చూసిన పిల్లలు మళ్లీ మర్చిపోరు. "జెయింట్ సెల్ మేడమ్, టీబీ మేడమ్" అని నేను అడగకముందే చెప్పేస్తారు. నా గొడవ ఆ రెండు మాటల మధ్య ఉన్న కామాతోనే. జెయింట్ సెల్ నుంచి టీబీకి అంత దగ్గరి దారి లేదు. ఉన్నట్టు నేర్పుతున్నది మనమే, ఆ పాయింటర్‌తో.

ఆ కణం అసలు ఏమిటో చూద్దాం. మాక్రోఫేజ్‌లు తాము మింగినదాన్ని చంపలేకపోయినప్పుడు, టీ కణాలు పంపే ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి సంకేతాలకి మారి ఎపిథీలియాయిడ్ కణాలవుతాయి. లేత గులాబీ రంగు సైటోప్లాజం, ఒకదాని హద్దు ఎక్కడ ముగిసి ఇంకోదాని హద్దు ఎక్కడ మొదలైందో తెలియనంతగా కలిసిపోయి ఉంటాయి. న్యూక్లియస్ పొడుగ్గా, కాస్త వంగి ఉంటుంది. ఈ కణాల గుంపునే గ్రాన్యులోమా అంటాం. వాటిలో కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోతే జెయింట్ సెల్. అంటే అది గ్రాన్యులోమాకి ఒక అదనపు హంగు మాత్రమే. జెయింట్ సెల్ ఒక్కటీ లేకపోయినా గ్రాన్యులోమా గ్రాన్యులోమానే, ఎపిథీలియాయిడ్ కణాలు లేకపోతే మాత్రం కాదు. లాంగ్‌హాన్స్ రకం కణం సార్కాయిడోసిస్‌లో కనిపిస్తుంది, ఫంగస్ జబ్బుల్లో కనిపిస్తుంది, ట్యూబర్‌క్యులాయిడ్ కుష్ఠులో కనిపిస్తుంది. న్యూక్లియస్‌లు చిందరవందరగా ఉండే 'ఫారిన్ బాడీ' రకం కణాలు అసలు సిసలు టీబీ స్లైడులో కూడా దొరుకుతాయి. కాబట్టి న్యూక్లియస్‌ల అమరిక చూసి జబ్బు పేరు చెప్పలేం.

జెయింట్ సెల్ పనికిరాదని కాదు. దాని ఆకారం కన్నా దాని కడుపులో ఏముందో చూడటం ముఖ్యం. ఫంగస్ ఈస్టులు, ఎప్పుడో వేసిన కుట్టు దారం ముక్క, పోలరైజ్డ్ వెలుతురులో మెరిసే పరాయి పదార్థం, ఇవన్నీ చాలాసార్లు దాని లోపలే దొరుకుతాయి. పిల్లలు దాన్ని చూసి సంబరపడి వదిలేస్తారు. లోపలికి చూసేవాళ్లు తక్కువ.

మరి పాయింటర్ ఎక్కడ ఉండాలి? గ్రాన్యులోమా మధ్యలో చచ్చిపోయిన భాగం, అంటే నెక్రోసిస్, బతికున్న ఎపిథీలియాయిడ్ కణాలకి తగిలే అంచు మీద. నా మాట వింటే ఆ అంచు దగ్గరే స్లైడు సగం కథ చెబుతుంది.

అయితే అక్కడికి వెళ్లే ముందు నాలుగు ఎక్స్ లెన్సు. లింఫ్ గ్రంథి అంతా లింఫోసైట్‌లతో నీలంగా ఉంటుంది కాబట్టి నెక్రోసిస్ ఉన్న చోటు గులాబీ మడుగులా కనిపిస్తుంది. ఆ మడుగు ఆకారం ఈ లెన్సులోనే తెలుస్తుంది. నలభై ఎక్స్‌లో నేరుగా దిగినవాళ్లకి ఎప్పటికీ తెలియదు. గుండ్రంగా ఉందా, పక్కపక్క మడుగులు కలిసి పెద్దవయ్యాయా, లేక నక్షత్రంలా కోణాలు తేలి కొమ్మలు వేసిందా? తర్వాత పది ఎక్స్‌లో ఆ గులాబీ రంగు లోపల ఏముందో చూడాలి. కేసియస్ నెక్రోసిస్‌లో కణాల ఆనవాలు కూడా మిగలదు, సన్నని రవ్వ రవ్వగా ఒకే తీరున ఉంటుంది. గ్రంథిని కోసినప్పుడు మామూలు కంటికి అది విరిగిన జున్నులా కనిపించేది అందుకే. కణాలు చచ్చినా వాటి రూపురేఖలు నీడల్లా మిగిలి ఉంటే అది వేరే రకం నెక్రోసిస్. గులాబీ మధ్యలో న్యూట్రోఫిల్స్, వాటి పగిలిన న్యూక్లియస్‌ల నీలి పొడి గుప్పలుగా ఉంటే అది ఇంకో కథ. నెక్రోసిస్, పొడి ఉండి, న్యూట్రోఫిల్స్ గానీ గ్రాన్యులోమా గానీ లేకపోతే వయసులో ఉన్న ఆడపిల్లల మెడ గ్రంథిలో కికుచి జబ్బు గురించి ఆలోచించాలి. దానికి టీబీ మందులతో పనే లేదు, చాలావరకు తనంతట తనే తగ్గిపోతుంది.

ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. పరీక్షలో ఒకే ఫీల్డు, ఒకే లెన్సు, ఒకే కణం చూపించి మార్కులు వేస్తున్నంత కాలం పిల్లలు దీన్ని చదువుతారు తప్ప చేయరు. ఆ అలవాటు స్పాటర్ల బల్ల దగ్గరే ఆగిపోదు కూడా. దానికి ఒక కేసు చెబుతాను. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను.

పరకాల వైపు ఒక పల్లె, నలభై దాటిన రైతు. వరి, కొంత పత్తి. షుగర్ ఉంది, గోలీలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు. వానాకాలం నాట్లయిన కొన్ని వారాలకి జ్వరం మొదలైంది. సాయంత్రం కాగానే వచ్చేది, బరువు తగ్గాడు, మెడకి ఒక పక్క గడ్డ లేచింది. ఒక చోట గడ్డ తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టులో ఉన్నది ఒకే వాక్యం: కేసియేషన్, లాంగ్‌హాన్స్ జెయింట్ సెల్స్ ఉన్నాయి, ట్యూబర్‌క్యులస్ లింఫాడినైటిస్. టీబీ మందులు మొదలుపెట్టారు. ఆ సమయంలో ఆ లక్షణాలతో, ఆ రిపోర్టుతో ఎవరైనా అదే చేసేవాళ్లు. వారాలు గడిచాయి, జ్వరం తగ్గలేదు. గడ్డ పక్కనే ఇంకోటి లేచి మెత్తబడింది. "మందులు పడుతలేవు, గట్టి టీబీ కావచ్చు" అన్నారు, అంటే మందులకు లొంగని రకం. మమ్మల్ని ఒకసారి చూడమని ఆ స్లైడును, దానితో పాటు పారఫిన్ బ్లాకును పంపారు.

జెయింట్ సెల్స్ ఉన్నాయి. నాడా ఆకారం చక్కగా కుదిరి, స్పాటర్‌కి పెట్టుకునేంత బాగున్నాయి. కానీ నాలుగు ఎక్స్‌లో చూస్తే నెక్రోసిస్ గుండ్రంగా లేదు, కోణాలు తేలి ఉంది. పది ఎక్స్‌లో ఆ మధ్యభాగం కేసియేషన్ లాగా ఖాళీగా లేదు, న్యూట్రోఫిల్స్‌తో నిండి ఉంది. చుట్టూ ఎపిథీలియాయిడ్ కణాలు ఒక వరుస కట్టి నిలబడ్డాయి. అంటే ఒకే గ్రాన్యులోమాలో చీముగడ్డ, గ్రాన్యులోమా రెండూ. ఇది చూసి టీబీ కాదని కొట్టేయలేం. హెచ్ఐవీ ముదిరినవాళ్లలో టీబీ ఇలా న్యూట్రోఫిల్స్‌తో కనిపించవచ్చు. అయితే అలాంటి చోట టీబీ బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా దొరుకుతుంది. గ్రాన్యులోమా ఎంత చక్కగా కట్టుకుంటే శరీరం అంత బాగా పోరాడుతోందని, బ్యాక్టీరియా అంత తక్కువగా ఉందని అర్థం. రోగనిరోధక శక్తి పడిపోయే కొద్దీ గ్రాన్యులోమా చెదురుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది. ఈయనకి హెచ్ఐవీ నెగెటివ్. జీల్-నీల్సన్ రంగు వేసి నెక్రోసిస్ అంచు వెంట ఆయిల్ ఇమ్మర్షన్‌లో ఓపిగ్గా వెతికాం, ఎర్రటి కడ్డీ ఒక్కటీ లేదు. ఫంగస్ కోసం పీఏఎస్, సిల్వర్ రంగులు వేశాం, అవీ ఖాళీ.

ఇక్కడ కాస్త ఆగి జీల్-నీల్సన్ పరిమితి చెప్పాలి. నెగెటివ్ అంటే టీబీ లేదని కాదు. మనం చూసేది మూడు నాలుగు మైక్రాన్ల మందమున్న పొర. టీబీ బ్యాక్టీరియా పొడవే రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. గ్రంథిలో అవి కొద్దిగానే ఉంటే మన పొరలోకి రాకపోవచ్చు. పైగా బ్లాకు తయారు చేసేటప్పుడు వాడే జైలీన్ వాటి గోడలోని కొవ్వును కొంత కరిగిస్తుంది, రంగు పట్టుకునేది ఆ గోడే. అందుకే నిజమైన టీబీ గ్రంథుల్లో కూడా చాలావాటిలో జీల్-నీల్సన్ నెగెటివ్ వస్తుంది. పాజిటివ్ వస్తే బలమైన సాక్ష్యం, నెగెటివ్ వస్తే దాదాపు ఏమీ చెప్పనట్టే. పాజిటివ్‌లో కూడా అది టీబీ బ్యాక్టీరియానా, దాని చుట్టాలైన వేరే మైకోబ్యాక్టీరియానా అన్నది రంగు చెప్పలేదు.

కాబట్టి స్లైడు చెప్పగలిగింది అక్కడికి అయిపోయింది. జవాబు కల్చర్‌లోనే ఉండాలి. మొదటి గడ్డ మొత్తాన్నీ ఫార్మలిన్‌లో వేశారు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్క నుంచి ఏ బ్యాక్టీరియా పెరగదు, చచ్చిపోయి ఉంటుంది. అదృష్టం ఏమిటంటే రెండో గడ్డ ఇంకా మెడ మీదే ఉంది. సర్జన్‌కి ఫోన్ చేసి, చీమును స్టెరైల్ సిరంజితో లాగి నేరుగా మైక్రోబయాలజీకి పంపమన్నాం. కడుపు స్కాన్ కూడా అడిగాం. ప్లీహంలో చిన్న చిన్న చీముగడ్డలు కనిపించాయి.

బ్లడ్ అగార్ మీదా మాకంకీ మీదా రెండో రోజుకే కాలనీలు వచ్చాయి. టీబీ బ్యాక్టీరియా అంత తొందరగా పెరగదు, ద్రవ మాధ్యమంలోనే వారాలు పడుతుంది. గ్రామ్ నెగెటివ్ కడ్డీలు, ఆక్సిడేజ్ పాజిటివ్. ఇలాంటివాటికి 'సూడోమోనాస్ జాతి' అని రాసి, బయట నుంచి కలిసిన మలినమేమోనని పక్కన పెట్టేయడం చాలా ల్యాబుల్లో జరుగుతుంది. మా మైక్రోబయాలజీ మేడమ్ యాంటీబయాటిక్ డిస్కుల ప్లేటు చూసి ఆగారు. జెంటామైసిన్ పనిచేయలేదు, కొలిస్టిన్ పనిచేయలేదు, మామూలు అమాక్సిసిలిన్-క్లావులనేట్ మాత్రం పనిచేసింది. సూడోమోనాస్ ఎరుజినోసాలో సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే బర్ఖోల్డేరియా సూడోమాలై అని అనుమానించాలి. పీసీఆర్‌లో అదే అని తేలింది. జబ్బు పేరు మెలియోయిడోసిస్.

ఈ బ్యాక్టీరియా తడి నేలలో, మడి నీళ్లలో ఉంటుంది. చర్మం మీద గీతల్లోంచో, ఊపిరితోనో ఒంట్లోకి వస్తుంది. వానలప్పుడు కేసులు పెరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు చాలా ఎక్కువ. మెలియోయిడోసిస్‌ని మొదట వర్ణించింది రంగూన్‌లో, విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు, 1912లో అచ్చయిన వ్యాసంలో. ఆ రోజుల్లో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు వేలల్లో ఉండేవారు. ఆ ఆసుపత్రి మార్చురీలో మనవాళ్లు ఎందరున్నారో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మందులు టీబీవి కావు. మొదట సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ నరానికి, కనీసం పది పద్నాలుగు రోజులు. లోపల చీముగడ్డలుంటే ఇంకా ఎక్కువ, ఈయనకి నాలుగు వారాలు. తర్వాత కోట్రైమాక్సజోల్ మూడు నెలలు. షుగర్‌కి ఇన్సులిన్. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాల్సింది ఒకటుంది: సరైన మందు పడ్డాక కూడా ఈ జ్వరం తగ్గడానికి వారం పైనే పడుతుంది. మూడో రోజుకి తగ్గలేదని మందు మార్చకూడదు. ఈయనకి రెండో వారంలో తగ్గింది. టీబీ మందులు ఆపేశారు.

ఇప్పుడు అసలు వాదనకి వస్తాను. ఈ కేసు చెప్పినప్పుడు మా సర్జన్ మిత్రుడొకరు అన్నమాట: "ఏం మేడమ్, వెయ్యిల ఒకటి వస్తది గిసొంటిది. మన దగ్గర మెడ గడ్డ అంటే టీబీయే ఉంటది. పోరగాళ్లకు గిదంత చెప్తే ఆగమైతరు." ఆయన మాటలో బలముంది. వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే మెడ గ్రంథిలో గ్రాన్యులోమా, మధ్యలో అచ్చమైన కేసియేషన్ కనిపిస్తే నేను కూడా మొదట అనుకునేది టీబీనే. అనుకోకపోతేనే తప్పు. ఎంత సాధారణమైన జబ్బో తెలిసి కూడా అన్ని జబ్బులనూ సమానంగా లెక్కపెట్టే పాథాలజిస్టు వల్ల రోగికి ఉపయోగం లేదు.

కానీ నేను అడుగుతున్నది టీబీ అనుకోవద్దని కాదు. దేన్ని చూసి అనుకున్నారో చెప్పమంటున్నాను. 'జెయింట్ సెల్ ఉంది కాబట్టి టీబీ' అన్నవాడికి ఆ పరకాల రైతు స్లైడు కూడా టీబీయే, ఎందుకంటే అందులో జెయింట్ సెల్ ఉంది. 'నెక్రోసిస్ గుండ్రంగా, కణాల ఆనవాలు లేకుండా, న్యూట్రోఫిల్స్ లేకుండా ఉంది, మన ప్రాంతంలో దీనికి మొదటి కారణం టీబీ' అన్నవాడికి అదే స్లైడు దగ్గర కాలు ఆగుతుంది. ఇద్దరూ మామూలు రోజుల్లో ఒకే జవాబు చెబుతారు. తేడా తెలిసేది అలాంటి స్లైడు వచ్చిన రోజునే. ఆగమయ్యేది నేర్చుకున్న పిల్లలు కాదు, ఒకే గుర్తు పట్టుకుని వచ్చిన పిల్లలు.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఇంకో జబ్బు ఉంది, అదీ నాకు నచ్చదు. జాగ్రత్త పేరుతో 'గ్రాన్యులోమాటస్ ఇన్‌ఫ్లమేషన్, క్లినికల్‌గా పోల్చుకోవలెను' అని రాసి చేతులు దులుపుకోవడం. ఆ వాక్యం ఎప్పుడూ తప్పు కాదు, ఎప్పుడూ పనికిరాదు కూడా. సర్జన్ దాన్ని చదివి ఏం చేస్తాడు? టీబీ మందులు రాస్తాడు. అంటే మన భయం వల్ల పాత తప్పే జరుగుతుంది, కాకపోతే సంతకం మనది ఉండదు.

నేను రాసే రిపోర్టు మూడు ముక్కల్లో ఉంటుంది. చూసింది ఏమిటి: నెక్రోసిస్ ఉన్న గ్రాన్యులోమా, ఆ నెక్రోసిస్ ఏ తీరుది, జెయింట్ సెల్స్ లోపల ఏమైనా ఉందా. వెతికింది ఏమిటి: ఏ రంగులు వేశాం, ఏం దొరికింది, ఏం దొరకలేదు. ఏమనుకుంటున్నాం: మొదటి అనుమానం టీబీ అయితే టీబీ అనే రాస్తాను, దాన్ని రుజువు చేయడానికి ఏ పరీక్ష మిగిలి ఉందో దాని కిందే రాస్తాను. న్యూట్రోఫిల్స్ నిండిన నెక్రోసిస్ అయితే మామూలు కల్చర్, ఫంగల్ కల్చర్ కూడా అడుగుతాను. పిల్లలకి స్లైడు చూపించేటప్పుడు కూడా ఇదే వరుసలో చెప్పిస్తాను.

అయితే ఈ మూడో ముక్క పనికొచ్చేది ఆపరేషన్ థియేటర్‌లో ఎవరైనా ముందే ఆలోచించి ఉంటేనే. గ్రంథి బయటికి రాగానే దాన్ని రెండు ముక్కలు చేయాలి. ఒకటి పది శాతం ఫార్మలిన్‌లో, మాకు. రెండోది స్టెరైల్ సెలైన్‌లో, ముక్క ఎండిపోకుండా ఉండేంత మాత్రమే, అదే రోజు మైక్రోబయాలజీకి. సీబీనాట్ అయినా, టీబీ కల్చర్ అయినా, మామూలు కల్చర్ అయినా ఈ రెండో ముక్క నుంచే. సీబీనాట్‌లో టీబీ ఉందో లేదో తెలియడంతో పాటు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా గంటల్లోనే తెలుస్తుంది. స్లైడు చూసి ఆ సంగతి ఏ పాథాలజిస్టూ చెప్పలేరు. చాలా చోట్ల ఇంకా గ్రంథి మొత్తం ఒకే ఫార్మలిన్ డబ్బాలో వస్తుంది. డబ్బా మూత తీసేసరికే సగం ప్రశ్నలకి దారి మూసుకుపోయి ఉంటుంది. నన్నడిగితే గ్రాన్యులోమా పాఠం లెక్చర్ హాల్లో కాదు, ఆ డబ్బాల బల్ల దగ్గర మొదలుపెట్టాలి. హౌస్ సర్జన్లకి నేను చెప్పేది అక్కడే.

ఇక పరీక్ష. మా డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నేను అడిగింది చిన్న మార్పు. టీబీ స్పాటర్‌ని జెయింట్ సెల్ దగ్గర కాకుండా పది ఎక్స్‌లో నెక్రోసిస్ అంచు దగ్గర ఫోకస్ చేద్దాం. ప్రశ్న 'జబ్బు ఏది' అని కాకుండా 'మధ్య భాగంలో ఏముంది, ఏం లేదు, మొదటి అనుమానం ఏమిటి, రుజువుకి ఏం పంపుతావు' అని అడుగుదాం. సీనియర్లు చెప్పిన అభ్యంతరం న్యాయమైనదే: స్పాటర్‌కి ఉన్న టైము ఇన్ని జవాబులకి చాలదు, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కి జవాబు ఒక్క మాటలో ఉంటే దిద్దడం తేలిక. చివరికి ఇంటర్నల్ పరీక్షల వరకు ఒప్పుకున్నారు. మొదటిసారి పెట్టినప్పుడు చాలామంది 'టీబీ' అని రాసి మిగతా మూడు గీతలు ఖాళీగా వదిలేశారు. పాయింటర్ ముందు జెయింట్ సెల్ లేకపోయేసరికి కొందరు అది కూడా రాయలేదు.